మూడు లింకులు మారితే చాలు

బైనరీ సెర్చ్ ట్రీలో 1 నుంచి 1000 దాకా సంఖ్యలను వరసగా చేరుస్తూ పోతే ఆ చెట్టు కొమ్మలు వేయదు. వచ్చిన ప్రతి సంఖ్యా ముందుదానికి కుడివైపే చేరి, చివరికి ఒక పొడవాటి గొలుసు మిగులుతుంది. అందులో 1000 దొరకాలంటే వెయ్యి పోలికలు కావాలి. సమంగా విస్తరించిన చెట్టులో పది చాలు. 1962లో సోవియట్ గణితవేత్తలు అడెల్సన్-వెల్స్కీ, లాండిస్ దీనికి దారి చూపారు. ఏ నోడ్ దగ్గరైనా ఎడమ, కుడి ఎత్తుల తేడా ఒకటి దాటితే అక్కడే చెట్టును తిప్పాలి. ఆ తిప్పడమే రొటేషన్.

ఒక ఉదాహరణ చూద్దాం. పైన 50 ఉంది. దానికి ఎడమన 30, కుడిన 70. మళ్లీ 30 కింద ఎడమన 20, కుడిన 40. ఇప్పుడు 20 కింద 10 చేరింది. దాంతో 50కి ఎడమవైపు ఎత్తు మూడు, కుడివైపు ఒకటి. అందుకని 50 దగ్గర కుడి రొటేషన్ చేస్తాం. 30 పైకి వస్తుంది, 50 దానికి కుడివైపుకు దిగుతుంది. మరి ఇంతవరకు 30కి కుడివైపున్న 40 ఎక్కడికి పోవాలి?

నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇక్కడే. 40 అనేది 30 కన్నా పెద్దది, 50 కన్నా చిన్నది. 30 పైకి వెళ్లిపోవడంతో 50కి ఎడమవైపు ఖాళీ అయింది. సరిగ్గా 40కి తగిన చోటు అదే. ముందూ తర్వాతా ఎడమ నుంచి కుడికి చదివితే 10, 20, 30, 40, 50, 70 అనే వస్తుంది. చెట్టులో పది లక్షల నోడ్లున్నా మారేవి మూడు లింకులే.

```
y = x.left
x.left = y.right
y.right = x
```

ఇక్కడ `x` అంటే 50, `y` అంటే 30. మూడో మార్పు, `x`ను చూపిస్తున్న పై నోడ్ లింకును `y` వైపు తిప్పడం. అది మరిచిపోతే పైనుంచి వచ్చేవారికి ఇంకా 50 మాత్రమే కనిపిస్తుంది. వరస చదివితే 40, 50, 70 వచ్చి, 10, 20, 30 మాయమవుతాయి. చివరి రెండు వరసలు తారుమారైతే ఇంకా ప్రమాదం: 40 జారిపోతుంది, 50 తన ఎడమన తననే చూపించుకుంటుంది, చదవడం ఎప్పటికీ ఆగదు.

ఎడమ రొటేషన్ దీనికి అద్దంలో ప్రతిబింబం. ఒకటి చేసినదాన్ని రెండోది విప్పేస్తుంది.

అయితే 10కి బదులు 40 కింద 45 చేరిందనుకోండి. 50ని కుడికి తిప్పితే బరువు ఎడమనుంచి కుడికి మారుతుందే తప్ప తేడా తగ్గదు. అప్పుడు ముందు 30ని ఎడమకు తిప్పి 40ని పైకి తేవాలి, తర్వాత 50ని కుడికి తిప్పాలి. అలా చేస్తే పైన 40, దాని కింద 30, 50 నిలుస్తాయి. 20 వెళ్లి 30 కింద, 45, 70 వెళ్లి 50 కింద చేరతాయి.