'పుంగనూరులోనివాళ్లకేనా?': ఒక్క మాటలో ఏడు ముక్కలు!

"నీళ్లు పుంగనూరులోనివాళ్లకేనా?" అని మదనపల్లెలో ఎవరైనా అడిగారనుకుందాం. ఆ రెండో మాట ఎలా తయారైందో చూడండి.

• పుంగనూరు: ఊరి పేరు
• పుంగనూరులో: ఆ ఊరి లోపల
• పుంగనూరులోని: ఆ ఊళ్లో ఉన్న
• పుంగనూరులోనివాళ్లు: అక్కడి జనం
• పుంగనూరులోనివాళ్లకు: ఆ జనానికి
• పుంగనూరులోనివాళ్లకే: వాళ్లకు మాత్రమే
• పుంగనూరులోనివాళ్లకేనా: వాళ్లకు మాత్రమేనా?

వీటిలో ఊరి పేరు, 'వాళ్లు' విడిగా నిలబడే మాటలు. మిగతావన్నీ వెనక అతుక్కునే ప్రత్యయాలే. అతికేటప్పుడు 'వాళ్లు' కాస్తా 'వాళ్ల' అయింది. 'కు', 'ఏ' కలిసి 'కే' అయ్యాయి. చివరి 'ఆ' ముందు 'న' చేరింది.

వరస తప్పి 'వాళ్లేకునా' అంటే ఎవరికీ అర్థం కాదు. 'ఏ' తీసేసి 'వాళ్లకా?' అంటే 'మాకు లేవా' అన్న నిలదీత పోయి, మామూలు ప్రశ్నే మిగులుతుంది.

కుప్పం సరిహద్దు దాటితే వినిపించే తమిళానిదీ ఇదే పద్ధతి. అక్కడ 'కుప్పం నుంచి' అనడానికి 'కుప్పత్తిలిరుందు' అంటారు. కుప్పత్తు, ఇల్, ఇరుందు అనే మూడు ముక్కలు కలిసి ఒకే మాట!