గేటు దగ్గర ఆపేసిన రోజు

ఉదయం ఆరు గంటల షిఫ్టు. పటాన్‌చెరులోనో జీడిమెట్లలోనో ఒక ఫ్యాక్టరీ గేటు. పన్నెండేళ్లుగా అదే గేటు దాటి లోపలికి వెళ్తున్న మెషీన్ ఆపరేటర్ కార్డు పెట్టాడు. మెషీన్ తీసుకోలేదు. సెక్యూరిటీ గార్డు ముఖం తిప్పుకుని, "అన్నా, నిన్ను హెచ్‌ఆర్ రూముకి పంపమన్నారు" అన్నాడు. రూములో టేబుల్ మీద ముందే టైపు చేసిన కాగితం ఉంది. "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని అందులో రాసి ఉంది. పక్కనే లక్షన్నర చెక్కు. "ఇప్పుడే సంతకం పెడితే ఇది నీది. లేకపోతే ఏదీ రాదు" అంటున్నాడు ఆఫీసరు.

ఇది ఒక ఊహా సన్నివేశమే. కానీ పారిశ్రామిక వాడల్లో పనిచేసేవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ సంతకం పెట్టాలా, వద్దా? జవాబు ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: చట్టం కళ్లతో చూస్తే ఆ రోజు అక్కడ జరుగుతున్నది ఏమిటి?

మూడు దారులు, మూడు పేర్లు

కార్మికుడి ఉద్యోగం యాజమాన్యం చేతుల్లో పోవడానికి ప్రధానంగా మూడు దారులు. మొదటిది రాజీనామా. తానే వదిలేశాడు కాబట్టి నష్టపరిహారం అడిగే హక్కు ఉండదు. రెండోది డిస్మిస్. తప్పు చేశాడని తీసేయడం. మూడోది రిట్రెంచ్‌మెంట్, అంటే కార్మికుడి తప్పేమీ లేకుండా, సంస్థ అవసరాల కోసం తీసేయడం. ఆర్డర్లు తగ్గినా, కొత్త మెషీన్ వచ్చినా, లైను మూసేసినా ఇందులోకే వస్తుంది.

కాగితం మీద యాజమాన్యం ఏ పేరు రాసిందన్నది చివరి మాట కాదు. శిక్షగా కాక మరే కారణంతో తీసేసినా, కొన్ని మినహాయింపులు తప్ప, అది రిట్రెంచ్‌మెంటే. రిటైర్మెంటు, స్వచ్ఛందంగా వెళ్లిపోవడం, కాలపరిమితి ఒప్పందం గడువు తీరడం ఆ మినహాయింపుల్లో ముఖ్యమైనవి. అందుకే మనవాడి చేత రాజీనామా మీద సంతకం పెట్టించాలని అంత తొందర. ఆ ఒక్క సంతకంతో మూడో దారి మొదటి దారిగా మారిపోతుంది. బలవంతంగా పెట్టించారని తర్వాత నిరూపించడం అసాధ్యం కాదు గానీ, చాలా కష్టం.

లెక్క వేసి చూద్దాం

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. రిట్రెంచ్‌మెంట్ మూల సూత్రాలు మాత్రం పాతవే. కనీసం ఏడాది సర్వీసు ఉన్నవారిని తీసేయాలంటే నెల ముందు కారణం చూపి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన మిగులు కాలాన్ని ఇంకో ఏడాదిగా లెక్కిస్తారు. ప్రభుత్వానికీ తెలియజేయాలి. ఏడాది సర్వీసు అంటే క్యాలెండర్ నిండా పని చేయడం కాదు. ఫ్యాక్టరీలో పన్నెండు నెలల్లో 240 రోజుల పని చాలు. జీతంతో కూడిన ఆదివారాలు, సెలవులు కూడా ఆ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది.

మన ఆపరేటర్ సర్వీసు 11 ఏళ్ల 7 నెలలు. చివరి మూడు నెలల సగటు జీతం 18,000 రూపాయలు, అదంతా బేసిక్, డీఏ అనుకుందాం. ఏడు నెలలు ఆరు దాటాయి కాబట్టి లెక్కకు 12 ఏళ్లు. నెల జీతం తీసుకునేవారికి 15 రోజులంటే నెలలో సగం, అంటే 9,000. పన్నెండేళ్లకు 1,08,000. నోటీసు బదులు నెల జీతం 18,000. గ్రాట్యుటీ లెక్క వేరు. అక్కడ నెలను 26 రోజులుగా తీసుకుంటారు కాబట్టి 15 రోజుల వేతనం 10,384 దాటుతుంది. పన్నెండేళ్లకు దాదాపు 1,24,600. మూడూ కలిపితే రెండున్నర లక్షలు. కొత్త కోడ్ ప్రకారం, తీసేసిన కార్మికుడు వేరే పని నేర్చుకునేందుకు యాజమాన్యం మరో 15 రోజుల వేతనం నిధికి జమ చేయాలి. అది 45 రోజుల్లో అతని ఖాతాకి రావాలి. పీఎఫ్, మిగిలిన సెలవుల డబ్బు ఇవేవీ కాక.

టేబుల్ మీద ఉన్నది లక్షన్నర. అది కంపెనీ దయ కాదు, అతని సొమ్ములో కోత.

ఈ పరిహారం తర్వాతెప్పుడో ఇచ్చేది కూడా కాదు. నోటీసూ పరిహారమూ ముట్టనిదే రిట్రెంచ్‌మెంట్ చెల్లదని 1960 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. ఎవరిని తీయాలన్నదీ యాజమాన్యం ఇష్టం కాదు. అదే రకం పనిలో చివర చేరినవాడు ముందు వెళ్లాలన్నది సాధారణ నియమం. దాన్ని తప్పితే కారణం రాసి పెట్టాలి. పన్నెండేళ్లవాణ్ని పంపి, నిన్న చేరినవాణ్ని ఉంచారంటే అక్కడే అనుమానించాలి. ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటే తీసేసినవారికే ముందు అవకాశం ఇవ్వాలి.

ఒక పరిమితి ఉంది. 300 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఫ్యాక్టరీ అయితే తీసేసే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. పాత చట్టంలో ఈ గీత 100 దగ్గర ఉండేది. ఈ మార్పుతో 150, 220 మంది ఉన్న ఎన్నో మధ్యతరహా ఫ్యాక్టరీల్లో అనుమతి అనే తలుపు మూసుకుపోయింది. అక్కడ మిగిలింది పరిహారం, చట్టబద్ధమైన పద్ధతి, కార్మికుల ఐక్యత.

"నువ్వే రావడం మానేశావు"

ఇంకో ఎత్తు ఉంది. గేటు దగ్గర ఆపేసి, వారం పది రోజుల తర్వాత ఇంటికి ఉత్తరం పంపుతారు: "మీరు అనుమతి లేకుండా గైర్హాజరయ్యారు, మీ పేరు రోల్సు నుంచి తొలగించాం."

హర్యానాలో ఒక ఫ్యాక్టరీ కార్మికుడికి 1980 డిసెంబరులో ఇదే జరిగింది. ఎనిమిది రోజులకు మించి సెలవు లేకుండా రాకపోతే ఉద్యోగం పోయినట్టేనని కంపెనీ స్టాండింగ్ ఆర్డర్స్‌లో ఉంది. దాని ఆధారంగా యాజమాన్యం అతని పేరు కొట్టేసింది. తాను డిసెంబరు 3న డ్యూటీకి వచ్చాననీ, గేటు దగ్గరే ఆపేశారనీ కార్మికుడు అన్నాడు. లేబర్ కోర్టు యాజమాన్యం మాటే నమ్మింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఒక మనిషి జీవనోపాధి తీసేస్తున్నప్పుడు, నియమం ఏం చెప్పినా, అతని మాట వినాలి, విచారణ జరపాలి అని 1993లో కోర్టు తీర్పు చెప్పింది. సగం వెనుక జీతంతో ఉద్యోగం తిరిగి ఇప్పించింది. కాకపోతే అందుకు పన్నెండేళ్లు పైనే పట్టింది.

తప్పు చేశాడని తీసేస్తున్నా అదే సూత్రం. ముందు ఛార్జిషీటు, సంజాయిషీకి సమయం, తర్వాత ఎంక్వైరీ, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం. ఎంక్వైరీ నడుస్తూ సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం వేతనం, ఆ తర్వాత కార్మికుడి తప్పు లేకుండా ఆలస్యమైతే 75 శాతం ఇవ్వాలి. ఎంక్వైరీ సరిగా జరగకపోతే కార్మికుడు గెలిచేసినట్టే అనుకోకూడదు. యాజమాన్యం ఆ తప్పును కోర్టులోనే రుజువు చేసుకోవచ్చు. తప్పు రుజువైనా శిక్ష మితిమీరిందనిపిస్తే తగ్గించే అధికారం కోర్టుకి ఉంది. ఉద్యోగమే తిరిగి రావాలన్న నియమమూ లేదు. ముఖ్యంగా రోజు కూలీల విషయంలో కోర్టులు ఇప్పుడు తరచూ ఏకమొత్తం పరిహారం ఇచ్చి సరిపెడుతున్నాయి.

ఒక్కడి కేసు, అందరి ఒప్పందం

ఇంతవరకు చెప్పిందంతా తీసేసిన తర్వాత పోరాటం. తీసేయకముందే చేయగలిగింది ఒకటి ఉంది: సమష్టి బేరం.

మన ఆపరేటర్ ఫ్యాక్టరీలో 220 మంది ఉన్నారనుకుందాం. యాజమాన్యం 40 మందిని తగ్గించాలనుకుంది. చట్టం పరిహారానికి కనీస హద్దు పెట్టిందే తప్ప గరిష్ఠ హద్దు పెట్టలేదు. ఏడాదికి 15 రోజులకు బదులు 30 రోజులు అడగవచ్చు. ముందు స్వచ్ఛందంగా వెళ్లేవారిని పంపమని అడగవచ్చు. తిరిగి తీసుకునే గడువు ఏడాది కాదు, రెండేళ్లు అనిపించుకోవచ్చు. అయితే ఇవి అడగడానికి గుర్తింపు ఉండాలి. కొత్త కోడ్ ప్రకారం ఒకే యూనియన్ ఉంటే అదే బేరసారాల యూనియన్. ఎక్కువ ఉంటే మస్టరు మీద ఉన్నవారిలో 51 శాతం మద్దతున్న యూనియన్. 220 మందిలో అంటే 113 మంది. ఏ యూనియన్‌కూ అంత లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న యూనియన్లు కలిసి కౌన్సిల్‌గా కూర్చుంటాయి.

ఒప్పందం ఎక్కడ కుదిరిందన్నది కూడా ముఖ్యం. ఆఫీసు గదిలో యాజమాన్యం, యూనియన్ మాత్రమే సంతకాలు పెట్టిన ఒప్పందం ఆ రెండు పక్షాలకే వర్తిస్తుంది. లేబర్ ఆఫీసులో రాజీ అధికారి ముందు కుదిరినదైతే యూనియన్‌లో లేనివారికీ, రేపు కొత్తగా చేరేవారికీ వర్తిస్తుంది. అనుభవమున్న నాయకులు చివరి సంతకాలు రాజీ అధికారి ముందే పెట్టించేది ఇందుకే.

సమ్మె ఆఖరి ఆయుధం. కొత్త కోడ్‌లో అన్ని ఫ్యాక్టరీల్లోనూ 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. రాజీ చర్చలు సాగుతుండగా సమ్మెకు దిగకూడదు. సగం మందో అంతకంటే ఎక్కువో ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మే అవుతుంది. ఈ మాట తెలియక కార్మికులు చిక్కుల్లో పడకూడదు.

ఆ రోజు చేయాల్సింది

ఇక మళ్లీ ఆ హెచ్‌ఆర్ రూముకి వద్దాం. అక్కడ సంతకం పెట్టకండి. "ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతాను" అనండి. కాగితం ఇవ్వకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులోనో ఈమెయిల్‌లోనో కంపెనీకి రాయండి: ఫలానా తేదీన ఫలానా షిఫ్టుకు వచ్చాను, గేటు దగ్గర ఆపేశారు, పనికి సిద్ధంగా ఉన్నాను. హర్యానా కార్మికుడి కేసంతా నిలిచింది ఈ విషయం మీదే. ఒక ప్రతిని యూనియన్‌కి, ఒకటి లేబర్ ఆఫీసుకి ఇవ్వండి. అక్కడ అర్జీ పెట్టాక 45 రోజుల్లో తేలకపోతే కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. యూనియన్ తోడు లేకపోయినా ఆ హక్కు ఉంది.

240 రోజులు పనిచేశానని మొదట చూపించాల్సింది కార్మికుడే. కాబట్టి జీతం స్లిప్పులు, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ స్టేట్‌మెంట్, బ్యాంకు పాస్‌బుక్కు ఉద్యోగం ఉన్నప్పుడే జాగ్రత్త చేసుకోండి. తీసేసిన రోజు నుంచి ట్రిబ్యునల్‌కి వెళ్లే గడువు రెండేళ్లు. పాత చట్టంలో అది మూడేళ్లు ఉండేది. మూడేళ్లు ఉన్నాయనుకుని ఎదురుచూస్తూ కూర్చుంటే ఎంత న్యాయమైన కేసయినా వినేవారుండరు.