పింఛను చూసేది ముసలాయన్ని కాదు, ఇంటిని

అరవై దాటిన వాళ్లు సచివాలయానికి వెళ్లి ఒకే పూట రెండు పనులు అడుగుతుంటారు. సీనియర్ సిటిజన్ కార్డు ఒకటి, వృద్ధాప్య పింఛను ఇంకొకటి. కార్డు వచ్చింది కాబట్టి పింఛను కూడా వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. ఈ రెంటికీ సంబంధం లేదు. కార్డుకు వయసు ఒక్కటే కావాలి. ఆస్తి, ఆదాయం ఎవరూ అడగరు, రిటైరైన కలెక్టరైనా తీసుకోవచ్చు. ఆధార్, ఫొటో పట్టుకెళ్లి కొద్దిపాటి రుసుము కడితే పనైపోతుంది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సులో అరవై దాటినవారికిచ్చే 25 శాతం రాయితీకి ఆధార్ చూపినా చాలు. రైల్లో ఛార్జీ రాయితీ 2020 మార్చిలోనే ఎత్తేశారు గనుక ఆ ఆశతో కార్డు కోసం తిరగనక్కర్లేదు.

తిప్పలన్నీ పింఛను దగ్గరే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. వయసు 60 నిండాలి, గిరిజనులకైతే 50 చాలు. ఆ తర్వాత ఇంటి లెక్క మొదలవుతుంది. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు పది వేలు, పట్నంలో పన్నెండు వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాల లోపు ఉండాలి, మెట్ట అయితే పదెకరాల లోపు. సొంత కారు ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉన్నా ఫరవాలేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు. పింఛను ఇంటికి ఒక్కటే. తీవ్ర వైకల్యం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

ఇవన్నీ మామూలుగా ఎలా అడ్డం తగులుతాయో చూడ్డానికి ఒక ఇల్లు ఊహించుకుందాం. గోదావరి డెల్టాలో ఓ రైతు, ఆయన భార్య. పేరుకు రెండెకరాల మాగాణి ఉంది. పెళ్లయిన కొడుకు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ వాయిదాల మీద ఒక కారు కొనుక్కున్నాడు. పండక్కి తప్ప ఊరికి రాడు. ఆ రైతు 1963లో పుట్టారు. ఆధార్‌లో మాత్రం 01-01-1968 అని ఉంది.

ముందు ఈ తేదీ సంగతి. మన ఊళ్లలో పెద్దల ఆధార్ కార్డులు వరసగా పేర్చి చూస్తే సగం ఊరు జనవరి ఒకటినే పుట్టిందనిపిస్తుంది. నమోదు చేసే కుర్రాడు మనిషి వాలకం చూసి ఒక ఏడాది వేసి, రోజు తెలియదు కాబట్టి జనవరి ఒకటి కొట్టేశాడు. ఈయన విషయంలో అయిదేళ్లు తగ్గించాడు. ఫలితంగా 2023లోనే అరవై దాటిన మనిషి కంప్యూటర్ లెక్కలో 2028 దాకా ఆగాలి. ఓటరు కార్డులో సరైన వయసే ఉందని చూపినా లాభం లేదు, ఆధార్‌లో ఉన్న తేదీనే లెక్కలోకి తీసుకుంటారు.

తేదీ మార్చుకోవచ్చు గానీ జీవితంలో ఒక్కసారే అవకాశం. కాబట్టి తొందరపడి ఏదో ఒక కాగితంతో వెళ్లకూడదు. ఈ వయసు వాళ్లకు జనన ధ్రువపత్రం ఉండదు. దాన్ని ఇప్పుడు పుట్టించుకోవాలి. అందుకు గట్టి ఆధారం బడిలో ఉంటుంది. ఈ రైతు ఏడో తరగతి దాకా చదివారు. పాత అడ్మిషన్ రిజిస్టర్ నుంచి హెడ్మాస్టర్ రాసిచ్చే పత్రంలో పుట్టిన తేదీ ఉంటుంది. పంచాయతీలో జననం నమోదు కాలేదని ఒక కాగితం తీసుకోవాలి. ఈ రెంటికీ అఫిడవిట్ జతచేసి ఆలస్యపు నమోదుకు దరఖాస్తు పెడితే, తహశీల్దారు విచారణ మీద ఆర్డీవో ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వుతో జనన ధ్రువపత్రం, దానితో ఆధార్ సవరణ. నెలలు పట్టే పని, కానీ నిలిచే దారి ఇదే.

పింఛను కోసం వయసు పెంచి రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే సచివాలయాల్లో ఆధార్ అప్‌డేట్ హిస్టరీ అడుగుతుంటారు. కార్డు తీసుకున్నప్పటి నుంచి ఏ తేదీ ఎప్పుడు మారిందో అందులో వరసగా కనిపిస్తుంది. నిజంగా సవరించుకున్నవారు మార్పుకు వాడిన కాగితాల నకళ్లు దాచుకోవాలి. ఆధార్ మీ గుర్తింపే గాని పుట్టిన తేదీకి సాక్ష్యం కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో ఒక ప్రమాద పరిహారం కేసులో బడి పత్రాన్నే నమ్మింది. అయినా సచివాలయంలో కంప్యూటర్ ఆధార్‌నే అడుగుతుంది. ఈ తిరకాసును తీర్చాల్సింది ప్రభుత్వమే, ముసలివాళ్లు కాదు.

ఇంతకీ ఈ ఇంటికి దగ్గరి దారి ఒకటుంది. భార్య ఆధార్‌లో 1964 ఉంది. ఇంటికి ఒక్కటే పింఛను గనుక ఆమె పేరున పెట్టుకుంటే వయసు గొడవే రాదు. కుటుంబ పెద్ద మగవాడు కాబట్టి ఆయనే పెట్టుకోవాలన్న రూలేమీ లేదు.

అయితే వయసు దాటినా ఇల్లు దాటాలి. దరఖాస్తులో ఆదాయం ఇంత అని మనం సంతకం పెట్టిచ్చే ప్రకటనను ఎవరూ ఊరికే నమ్మరు. ఆ ఇంట్లో ఉన్న ప్రతి ఆధార్ నంబరునూ రెవెన్యూ, రవాణా, విద్యుత్, ఆదాయపు పన్ను వివరాలతో సరిచూస్తారు. ఇల్లంటే వండుకుని తినే నలుగురు కాదు, సచివాలయం వాళ్ల హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఒకచోట చేర్చిన పేర్లు. హైదరాబాద్ కొడుకు పేరు ఇంకా అందులోనే ఉంది. అతని కారు తల్లి కారే అయిపోతుంది. అతను పన్ను కడుతుంటే అది రెండో అడ్డంకి. పెళ్లయి వేరే కాపురం పెట్టినవాళ్లను మ్యాపింగ్‌లోనూ, బియ్యం కార్డులోనూ వేరు చేయించుకోవాలి. ఇది దరఖాస్తు పెట్టాక చేసే పని కాదు, ముందే చూసుకోవాలి. నిజంగా కలిసి ఉంటూ కాగితం మీద విడిపోవడం మాత్రం తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. తేలితే పింఛను ఆగిపోతుంది.

ఆ తర్వాత భూమి. రెండెకరాలే కదా అనుకుంటే రికార్డు మూడున్నర చూపింది. ఎప్పుడో పక్క రైతుకు తెల్లకాగితం మీద అమ్మిన ఎకరన్నర 1బీలో ఇంకా ఈయన పేరునే ఉంది. పొలం భర్తది, దరఖాస్తు భార్యది అన్నా ఒప్పుకోరు, లెక్క కుటుంబానిదే. కొన్నవారి పేరుకు రికార్డు మారేదాకా ఈ తిరస్కరణ తప్పదు. కరెంటు మీటరుదీ ఇదే కథ. అద్దెకిచ్చిన ఇంటి మీటరుకు యజమాని ఆధార్ తగిలించి ఉంటే అద్దెవాళ్ల ఏసీ యూనిట్లు కూడా యజమాని ఖాతాలోకే వస్తాయి. విద్యుత్ సెక్షన్ ఆఫీసులో సర్వీసు నంబరు చెప్పి సరిచేయించుకోవాలి.

తెలంగాణలో ఆసరా పింఛనుకు వయసు 57, మొత్తం 2,016 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. అక్కడా ఆదాయం కుటుంబానిదే చూస్తారు.

కొత్త దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకోరు, ప్రభుత్వం అనుమతించినప్పుడే తీసుకుంటారు. అందుకని ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగి, ఈలోగా 1బీ, మ్యాపింగ్, మీటరు సరిచూసుకోండి. దరఖాస్తు పెట్టాక నంబరున్న రసీదు తీసుకోండి. పల్లెల్లో ఎంపీడీఓ, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ ఆమోదించాలి. కాదంటే ఏ కారణంతో కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. 'మీకు రాదండీ' అన్న నోటిమాట మీద అక్కడెవరూ విచారణ చేయలేరు.