మినిమమ్ అంటే ఏ మేరకు?

స్టీమ్ వంటి స్టోర్‌లో ఏ పీసీ గేమ్ పేజీ తెరిచినా కింది భాగంలో రెండు జాబితాలు పక్కపక్కనే ఉంటాయి: Minimum, Recommended. రెంటిలోనూ ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు వివరాలుంటాయి. అవన్నీ ఉంటే ఆట ఎలా నడుస్తుందో మాత్రం చాలా పేజీలు చెప్పవు. ఏ రిజల్యూషన్‌లో, ఏ సెట్టింగులో, సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్న మూడు సంగతులూ రాయనంతవరకు అది ఉత్త సామాన్ల చిట్టాయే.

2020 డిసెంబరులో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ చరిత్ర చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. విడుదలనాటి పట్టికలో GTX 1060 6GB కార్డు Recommended వరుసలో ఉండేది. 2023 జూన్‌లో సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ పట్టికను తిరగరాసింది. అదే కార్డు Minimum వరుసలోకి దిగింది. దానికి తోడు 12 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అయ్యాయి. Recommended స్థానంలోకి RTX 2060 Super వచ్చింది. పాత కంప్యూటర్లలో ఆట ఆగిపోతుందని మాత్రం సంస్థ అనలేదు. వాటిపై ఇక పరీక్షించబోమని, సమస్యలొస్తే సహాయం అందించబోమని చెప్పింది. మినిమమ్ అసలు అర్థం అక్కడే ఉంది. తయారీదారు తాను పరీక్షించి, బాధ్యత తీసుకునే చివరి గీత అది. గీత కింద ఆట నడవనూవచ్చు, నడవకపోనూవచ్చు.

కొత్త పట్టికలో మెచ్చుకోదగ్గ విషయం ఇంకొకటుంది. Minimum అంటే 1080p, Low సెట్టింగు, 30 ఫ్రేములు. Recommended అంటే 1080p, High, 60 ఫ్రేములు అని విడమరిచి రాశారు. సిఫార్సు చేసిన కార్డు ఉంటే ట్రైలర్‌లో చూసిన హంగులన్నీ వస్తాయని చాలామంది అనుకుంటారు. రే ట్రేసింగ్‌కు వేరే వరుసలున్నాయని ఈ పట్టికే చెబుతుంది.

కళాశాల విద్యార్థుల దగ్గర తరచు కనిపించే GTX 1650 ల్యాప్‌టాప్‌ను, 8 జీబీ ర్యామ్‌తో ఉన్నదాన్ని, ఈ పట్టికతో పోల్చి చూడవచ్చు. 1650 అంకె 1060 కంటే పెద్దది కాబట్టి గట్టెక్కినట్టే అనిపిస్తుంది. ఎన్విడియా పేర్లలో మొదటి అంకెలు తరాన్ని, చివరి రెండు ఆ తరంలోని స్థాయిని చెబుతాయి. తరం కొత్తదైనా 50 స్థాయి కార్డు కావడంతో 1650 పాత 1060 కంటే నెమ్మదే. పైగా దాని సొంత మెమరీ 4 జీబీయే. ర్యామ్ కొరత అదనపు చిప్ వేయిస్తే చాలావరకు తీరుతుంది. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌ను మార్చే వీలు సాధారణంగా ఉండదు.

తన యంత్రంలో ఏముందో తెలియకపోతే Windows, R మీటలు కలిపి నొక్కి `dxdiag` అని టైప్ చేయాలి. System ట్యాబ్‌లో ప్రాసెసర్, ర్యామ్ కనిపిస్తాయి. Display ట్యాబ్‌లో ఇంటెల్ పేరొక్కటే చూసి కంగారు పడనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లలో అసలు కార్డు పేరు Render ట్యాబ్‌లో ఉండవచ్చు.

ఈమధ్య పట్టికల్లో చిన్న అక్షరాలను కూడా చదవాల్సి వస్తోంది. 2025లో వచ్చిన ‘మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్’ Recommended వరుసలో 1080p, 60 ఫ్రేములు అని ఉంది, కానీ ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తేనే అన్న షరతుతో. అంటే ఆ అరవైలో కొన్ని ఆట నిజంగా గీసినవి కావు, మధ్యలో కల్పించి చొప్పించినవి. చూపుకు నునుపుగానే ఉన్నా, మీట నొక్కాక స్పందన నిజమైన అరవై ఫ్రేములంత చురుగ్గా ఉండదు. అదే ఆట Minimum వరుసలోని 1080p కూడా 720p బొమ్మను సాగదీసి చూపేదే. కొన్ని షరతులకైతే బేరమే లేదు. 2024 నాటి ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’కు రే ట్రేసింగ్ చేయగల కార్డు ఉండి తీరాలి, సెట్టింగులు ఎంత తగ్గించినా పాత GTX కార్డులకు దారి లేదు.

30 ఫ్రేములన్నది సగటో, కనిష్ఠమో పట్టికలు సాధారణంగా చెప్పవు. ఖాళీ గదిలో 40 వచ్చిన ఆట జనం కిక్కిరిసిన వీధిలో 22కు పడిపోవచ్చు. అక్కడ భారం ప్రాసెసర్‌దైతే, గ్రాఫిక్స్‌ను Lowకు దించినా పెద్దగా ఫలితం ఉండదు. సైబర్‌పంక్‌లో జనసాంద్రత తగ్గించే మీట విడిగా ఉండడానికి కారణం ఇదే.

కొన్నాక తేల్చుకునే వీలూ ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే స్టీమ్ డబ్బు తిరిగి ఇస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు మెనూల్లో గడిచిన సమయం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అందుకే సైబర్‌పంక్ వంటి ఆటల్లో సెట్టింగుల్లోనే ఉన్న బెంచ్‌మార్క్‌ను ముందు నడిపి, సగటు కంటే కనిష్ఠ ఫ్రేముల అంకెను చూడడం మేలు.