అరవై రోజులు, ఎప్పటి నుంచి?

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన ఇంగ్లండులోని కొనుగోలుదారుకు ఒక కంటెయినర్ ఎండుమిర్చి పంపాడనుకుందాం. ఇన్‌వాయిస్ 48,600 డాలర్లు. సరుకు చెన్నై రేవులో ఓడ ఎక్కింది. బిల్ ఆఫ్ లేడింగ్ మీద తేదీ 2026 మార్చి 12. బేరం అరవై రోజుల అప్పు మీద. మార్చి 12ను వదిలేసి పదమూడు నుంచి లెక్కపెడితే అరవయ్యో రోజు మే 11. వ్యాపారి ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకున్నాడు. రైతులకు, కోల్డ్ స్టోరేజీకి, లారీలవాళ్ళకు ఇవ్వాల్సిందంతా ఆ తేదీని బట్టే సర్దుకున్నాడు.

ఏప్రిల్ మొదటి వారంలో బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. బిల్లుకు అంగీకారం అయిందని, డబ్బు జూన్ 1న వస్తుందని అందులో ఉంది. మధ్యలో 21 రోజుల తేడా.

అంకెలు, తేదీలు నేను పెట్టుకున్నవే కానీ, ఈ ఘటన మాత్రం కొత్తది కాదు. ఒక బ్యాంకు ఎగుమతుల బల్ల దగ్గర పనిచేసిన ఏళ్ళలో చాలామంది ఇలాంటి కాగితం పట్టుకొచ్చి, "లండన్ వాళ్ళు లెక్క తప్పారు సార్, కాస్త రాయండి" అని నా ఎదురుగా కూర్చున్నారు. వాళ్ళ ఫైలు తెరిచి చూస్తే లండన్ లెక్క సరిగ్గానే ఉండేది. తప్పు ఇక్కడి నుంచే వెళ్ళేది.

కలెక్షన్ అంటే బ్యాంకు హామీ ఏదీ లేని వసూలు. ఎగుమతిదారు తన పత్రాలన్నీ తన బ్యాంకుకు ఇస్తాడు. ఆ బ్యాంకు ఒక కవరింగ్ షెడ్యూలు జతచేసి కొనుగోలుదారు ఊళ్ళోని బ్యాంకుకు పంపుతుంది. డబ్బు కట్టాకే పత్రాలు ఇవ్వమంటే డీపీ, బిల్లు మీద అంగీకార సంతకం పెట్టగానే ఇవ్వమంటే డీఏ. ప్రపంచమంతా దీనికి ఒకే నియమావళి వాడుతుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి తెచ్చిన ఆ యూఆర్‌సీ 522 నిబంధనలు 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. అవతలి బ్యాంకు పంపే కబురునే మనం అడ్వైజ్ అంటాం. పత్రాలు అందాయని ఒకటి, అంగీకారం అయిందని ఒకటి, డబ్బు వచ్చిందని ఒకటి. వీటిలో వ్యాపారులు శ్రద్ధగా చదివేది ఆఖరిదాన్నే. అసలు చదవాల్సింది మొదటిదాన్ని.

మన మిర్చి పత్రాలు అందినట్టు మార్చి 24న లండన్ బ్యాంకు స్విఫ్ట్‌లో MT410 పంపిందనుకోండి. అందులో ఈ వరుస ఉంటుంది:

```
:32K:D060STUSD48600,
```

మొదటి అక్షరం రోజుల లెక్క అని చెబుతుంది. 060 అరవై. అసలు సంగతంతా ఆ తర్వాతి రెండక్షరాలు ST లో ఉంది. బిల్లును కొనుగోలుదారుకు చూపించిన తర్వాత అరవై రోజులు అని దాని అర్థం. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి అయితే అక్కడ TD అని ఉండాలి. బిల్లు రాసిన తేదీ నుంచి అయితే BE, ఇన్‌వాయిస్ తేదీ నుంచి అయితే ID. అంకె ఒకటే అయినా గడువు నాలుగు రకాలుగా మారుతుంది.

ఆ ST ఎక్కడి నుంచి వచ్చింది? ఇన్‌వాయిస్‌లో "బి.ఎల్. తేదీ నుంచి 60 రోజులు" అని శుభ్రంగానే ఉంది. కానీ బిల్ ఆఫ్ ఎక్స్‌ఛేంజ్ ఫారం అచ్చువేసినప్పుడే అందులో "అట్ ... డేస్ సైట్" అని ఉంటుంది. గుమాస్తా ఖాళీలో 60 వేసి, "సైట్" మాటను కొట్టేయకుండా, బి.ఎల్. తేదీ రాయకుండా సంతకానికి పెట్టాడు. కవరింగ్ షెడ్యూలు నింపినవాళ్ళు బిల్లును చూసి నింపారు. లండన్ బ్యాంకు ఆ షెడ్యూలు ప్రకారం నడుచుకుంది. దానికి మన ఒప్పందంతో పని లేదు, పత్రాలను విప్పి చదివి అందులోంచి ఆదేశాలు వెతుక్కునే బాధ్యతా లేదు. షెడ్యూలులో ఏముంటే అదే దానికి ఆజ్ఞ.

చూపించిన తర్వాత అరవై రోజులు అన్నప్పుడు గడియారం తిప్పే తాళం కొనుగోలుదారు చేతికి వెళ్ళిపోతుంది. సరుకు ఇంకా సముద్రం మీదే ఉంది. పత్రాలు తొందరగా తీసుకుని ఆయన చేసేదేమీ లేదు. బ్యాంకు కబురు పెట్టినా, ఓడ రేవుకు దగ్గరపడేదాకా సంతకం వాయిదా వేస్తాడు. మన లెక్కలో ఏప్రిల్ 2న సంతకం పెట్టాడు. అక్కడి నుంచి అరవయ్యో రోజు జూన్ 1. ఈలోగా ఎగుమతిదారు ఆ బిల్లు మీద మన బ్యాంకులో అప్పు తీసుకుని ఉంటే, ఏడాదికి తొమ్మిది శాతం వడ్డీ అనుకున్నా ఆ 21 రోజులకు సుమారు 252 డాలర్లు అదనం. ఒక్క మాట కొట్టేయనందుకు ఇంత.

పత్రాలు అందాయన్న అడ్వైజ్ వచ్చిన రోజే ఆ రెండక్షరాలు చూసుకుని ఉంటే సంతకానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ వ్యవధిలో మన బ్యాంకు ద్వారా సవరణ పంపి, బిల్లు మార్చి రాసి పంపడానికి వీలుంది. సంతకం పడ్డాక బిల్లే కొనుగోలుదారు మాట. ఆయన ఒప్పుకుంటే తప్ప అందులో తేదీ కదలదు. స్విఫ్ట్ కబురు బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్ళేది కాబట్టి ఎగుమతిదారుకు దాని ముక్తసరి సారాంశం మాత్రమే అందుతుంది, ఒక్కోసారి అదీ అందదు. నకలు అడిగి తీసుకోవాలి. అడిగితే ఇస్తారు.

రోజులు లెక్కపెట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం గడువు బిల్లులకు మూడు రోజుల గ్రేస్ ఇస్తుంది. అలవాటుకొద్దీ కొందరు విదేశీ బిల్లుకీ ఆ మూడూ కలుపుతారు. ఇంగ్లండులో గ్రేస్ రోజులు ఎప్పుడో రద్దయ్యాయి. డబ్బు ఎక్కడ కట్టాలో అక్కడి చట్టం ప్రకారం లెక్క చూడాలి.

ఇక అంగీకారం కబురు, MT412. ఇందులో ముఖ్యమైన వరుస ఇది:

```
:32A:260601USD48600,
```

మొదటి ఆరంకెలు గడువు తేదీ, ఏడాది ముందు. తర్వాత అంగీకరించిన మొత్తం. ఈ మొత్తాన్ని ఇన్‌వాయిస్‌తోనూ, బిల్లుతోనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తక్కువ ఉంటే కొనుగోలుదారు కొంతకే ఒప్పుకున్నాడన్నమాట. కింద 72 నంబరు గడిలో మాటలేమైనా ఉంటే వదలకుండా చదవాలి. "సరుకు తనిఖీకి లోబడి అంగీకారం" లాంటి వాక్యం అక్కడే దాక్కుంటుంది. అలాంటి షరతు అంగీకారాన్ని తిరస్కరించే హక్కు ఇంగ్లండు చట్టంలో బిల్లు చేతిలో ఉన్నవాడికి ఉంది. కానీ ఆ హక్కు వాడాలంటే వెంటనే రాయాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది.

అంగీకారం రూపం చూడటానికి సక్రమంగా ఉందా లేదా అన్నంతవరకే అవతలి బ్యాంకు పూచీ. సంతకం నిజమైనదేనా, పెట్టినవాడికి ఆ అధికారం ఉందా అన్నది దాని బాధ్యత కాదని నిబంధనలే చెబుతున్నాయి. "బ్యాంకు అంగీకరించింది" అని చాలామంది అంటుంటారు. బ్యాంకు ఏమీ అంగీకరించలేదు. అంగీకరించింది కొనుగోలుదారు, బ్యాంకు ఆ కబురు మోసుకొచ్చింది.

అన్నిటికన్నా భయపడాల్సిన అడ్వైజ్ ఇంకొకటుంది. మన షెడ్యూలు డీపీ అని వెళ్ళింది, అయినా "అంగీకారంపై పత్రాలు ఇచ్చేశాం" అని కబురొచ్చింది. అంటే డబ్బు రాకుండానే సరుకు చేయి దాటింది. గడువు బిల్లు పెట్టి, పత్రాలు దేని మీద ఇవ్వాలో షెడ్యూలులో రాయకపోతే, డబ్బు కట్టాకే ఇవ్వాలని నిబంధన. కాబట్టి షెడ్యూలులో డీఏ అన్న మాటే లేకపోతే ఆ బ్యాంకును నిలదీయొచ్చు. కానీ ముందు మన షెడ్యూలు నకలు తీసి చూసుకోవాలి. డీఏ గడిలో టిక్కు మనమే పెట్టి ఉంటే అడగడానికి ఏమీ ఉండదు.

జూన్ 1న డబ్బు కబురు వచ్చింది, MT400:

```
:32A:260601USD48600,
:33A:260601USD48494,25
:71B:/COMM/USD60,75
/TELECHAR/USD25,
/POST/USD20,
```

వసూలైంది 48,600, పంపింది 48,494.25. మధ్యలో 105.75 డాలర్లు కోత: కమీషను, తంతి ఖర్చు, తపాలా. షెడ్యూలులో "భారతదేశం బయటి చార్జీలన్నీ కొనుగోలుదారువే" అని రాసే ఉంది. మరి మనకెందుకు పడ్డాయి? కొనుగోలుదారు కట్టనన్నాడు. అలా అన్నప్పుడు, "ఈ చార్జీలు వదులుకోరాదు" అని స్పష్టంగా రాసి లేకపోతే, బ్యాంకు పత్రాలు ఇచ్చేసి తన చార్జీలను వచ్చే సొమ్ములోంచి కోసుకోవచ్చు. యూఆర్‌సీ 21వ నిబంధన ఇది. కోత న్యాయమే.

అయితే ఆ "వదులుకోరాదు" మాట ప్రతి షెడ్యూలులోనూ రాయమని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అలా రాస్తే చార్జీలు కట్టేదాకా బ్యాంకు పత్రాలు ఇవ్వదు, ఆ ఆలస్యానికి పూచీ కూడా పడదు. నూరు డాలర్ల కోసం కంటెయినర్ రేవులో ఆగితే రోజువారీ అద్దె దాన్ని తేలిగ్గా మించిపోతుంది. చార్జీల సంగతి బేరం దగ్గరే తేల్చుకుని ధరలో కలుపుకోవడం మేలు. ఆ మాట పెద్ద చార్జీలు పడే దేశాలకు, పెద్ద మొత్తాలకు దాచుకోవాలి.

71B చూసి లెక్క ముగిసిందనుకోకూడదు. గుంటూరు ఖాతాలో పడింది 48,479.25. దారిలో డాలర్లు మళ్ళించిన బ్యాంకు ఇంకో 15 తీసుకుంది. ఇది లండన్ అడ్వైజ్‌లో కనిపించదు, మన బ్యాంకు జమ చీటీలో వెతకాలి. రెండు కోతలూ కలిపి 120.75. వీటిని విదేశీ బ్యాంకు చార్జీలుగా చూపిస్తూ, రెండు కాగితాల నకళ్ళూ జతచేసి బ్యాంకుకు ఉత్తరం ఇవ్వాలి. ఇవ్వకపోతే షిప్పింగ్ బిల్లు ఎదుట 120.75 డాలర్లు రావాల్సినట్టే నిలిచిపోతుంది. ఏడాది తిరిగాక బ్యాంకు దాని గురించి అడిగేసరికి ఆ కంటెయినర్ ఏదో ఎవరికీ గుర్తుండదు.

మా దగ్గరికొచ్చే మిర్చి వ్యాపారుల్లో ఒకాయన ఇలాంటి దెబ్బ ఒకటి తిన్నాక బిల్లు ఫారాల కట్ట మొత్తం ముందేసుకుని, ఒక్కొక్క దాని మీదా స్కేలు పెట్టి "సైట్" మాట కొట్టేశాడు. పక్కన ఎర్ర సిరాతో "బి.ఎల్. తేదీ నుంచి" అని రాసి, తేదీకి ఖాళీ వదిలాడు. ఆ తర్వాత ఆయన ఫైలులో నేను ఆ తేదీ ఒక్కటే చూసుకునేవాణ్ణి.