సోమవారం రిపోర్టు ఎవరి చేతికి?

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక మధ్య తరహా కంపెనీ ఉందనుకుందాం. సోమవారం పొద్దున్నే యజమాని ఫోన్లో ఒక రిపోర్టు తెరుస్తాడు. పోయిన వారం యార్డులో ధర ఎలా నడిచింది, మనం ఎంత కొన్నాం, కోల్డ్ స్టోరేజీలో ఎంత సరుకు ఉంది అన్న మూడు సంగతులే అందులో ఉంటాయి. వాటిని చూసుకునే ఈ వారం కొనాలా, ఆగాలా అని తేల్చుకుంటాడు. ఆ రిపోర్టు నడిపే అనలిస్టు నెలాఖరుకి ఉద్యోగం మానేస్తోంది. వెళ్లేముందు ఆమె రాసిపెట్టాల్సిన కాగితాన్ని ఆఫీసుల్లో హ్యాండోవర్ నోట్ అంటారు. చాలాచోట్ల అది ‘ఫైలు ఫలానా ఫోల్డర్లో ఉంది, పాస్‌వర్డ్ ఐటీ వాళ్లనడగండి’ దగ్గరే ఆగిపోతుంది. నిజానికి ఫైలు ఎక్కడుందో కొత్తవాళ్లు ఎలాగూ వెతికి పట్టుకుంటారు. పట్టుకోలేనివి వేరే ఉన్నాయి.

మొదట డేటా ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. యార్డు ధరలు కేంద్ర వ్యవసాయ శాఖ కింద నడిచే అగ్‌మార్క్‌నెట్ నుంచి వస్తాయి. అందులో ప్రతి మార్కెట్‌కూ కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధర క్వింటాకు ఇన్ని రూపాయలని ఉంటాయి. కంపెనీ కొనుగోళ్లు ట్యాలీలో ఉంటాయి. కోల్డ్ స్టోరేజీ నిల్వ గుమస్తా నింపే ఎక్సెల్ షీటులో ఉంటుంది. నోట్‌లో ఈ మూడు పేర్లూ రాసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఒక్కొక్కటి ఏ కొలతలో వస్తుందో, ఎవరు నింపుతారో, ఎంత ఆలస్యంగా సరిదిద్దుతారో కూడా రాయాలి.

కొలత సంగతే చూడండి. ట్యాలీలో లెక్కంతా క్వింటాళ్లలో ఉంటుంది. గుమస్తా మాత్రం టిక్కీలు లెక్కపెడతాడు, కోల్డ్ స్టోరేజీలో అందరూ మాట్లాడుకునే భాష అదే. టిక్కీ అంటే మిర్చి బస్తా. దాని బరువు ఒకటే అని లేదు, నలభై కిలోలూ ఉండొచ్చు, నలభై ఐదూ ఉండొచ్చు. 1200 టిక్కీలను నలభై చొప్పున లెక్కేస్తే 480 క్వింటాళ్లు, నలభై ఐదు చొప్పున అయితే 540. క్వింటా పదమూడు వేలనుకుంటే ఆ అరవై క్వింటాళ్ల తేడా 7 లక్షల 80 వేల రూపాయలు. రిపోర్టులో ఎక్కడో ఒక మూల 42 అనే అంకె పెట్టి గుణించి ఉంటుంది. అది ఎవరు చెబితే పెట్టారో, సీజను మారితే ఎవరిని అడిగి మార్చాలో నోట్‌లో లేకపోతే కొత్తవాళ్లు దాన్ని ముట్టుకోవడానికే భయపడతారు.

ధరల దగ్గర ఇంకో చిక్కుంది. మిర్చి యార్డుకి శని, ఆదివారాలు సెలవు. ఎండాకాలంలో నెల రోజుల దాకా యార్డు మూతపడే రోజులూ ఉంటాయి. సెలవురోజు ధర ఖాళీగా వస్తే ఇబ్బంది లేదు, సగటు కట్టేటప్పుడు ఖాళీ లెక్కలోకి రాదు. ఎవరైనా చూడ్డానికి బాగుంటుందని ఆ ఖాళీలను సున్నాలతో నింపితే కొంప మునుగుతుంది. ఐదు రోజులూ పదమూడు వేలు పలికిన సరుకు సగటు, రెండు సున్నాలు కలిసి 9,286కి పడిపోతుంది. ధర కుప్పకూలిందని యజమాని కంగారుపడితే తప్పు ఆయనది కాదు. దీనికితోడు మార్కెట్ల నుంచి అంకెలు కొన్నిసార్లు రోజులు ఆలస్యంగా ఎక్కుతాయి. అందుకే ప్రతి వారం కొత్త వారం ఒక్కటే తెచ్చుకుంటే చాలదు, వెనకటి రెండు వారాలూ మళ్లీ తెచ్చుకోవాలి. పోయిన సోమవారం చూపించిన ధర ఈ సోమవారానికి కాస్త మారి కనిపించడం మామూలే. ఆ మాట నోట్‌లో ముందే ఉంటే కొత్తగా వచ్చినవాళ్లు ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందా అని రోజంతా తవ్వుకోరు.

ఇక రిఫ్రెష్ షెడ్యూల్. ‘ప్రతి సోమవారం 6 గంటలకు’ అని రాసి ఊరుకుంటారు. ఆరే ఎందుకు, ఐదు ఎందుకు కాదు అన్నదే అసలు చెప్పాల్సిన సంగతి. ఈ రిపోర్టు పవర్ బీఐలో ఉందనుకుందాం. అందులో ‘పోయిన వారం’ ఏదో తేల్చే కాలమ్ ఒకటి ఉంది. అది రిఫ్రెష్ జరిగిన క్షణంలో TODAY() ఏ తేదీ ఇస్తే దాన్నిబట్టి లెక్క కడుతుంది. అనలిస్టు కంప్యూటర్లో TODAY() మన తేదీనే ఇస్తుంది. రిపోర్టు సర్వర్ మీదికి ఎక్కాక మాత్రం ఇచ్చేది గ్రీనిచ్ లెక్క, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక.

2025 జనవరి 6 సోమవారం తెల్లవారుజాము ఐదింటికి రిఫ్రెష్ పెట్టారనుకోండి. సర్వర్‌కి అప్పుడింకా జనవరి 5, ఆదివారం రాత్రి పదకొండున్నర. ఆదివారం కాబట్టి డిసెంబర్ 30న మొదలైన వారం దాని దృష్టిలో ఇంకా ముగియలేదు. దాంతో ‘పోయిన వారం’ అంటే డిసెంబర్ 23 నుంచి 29 వరకు అని చూపిస్తుంది. రిపోర్టు తెరుచుకుంటుంది, రంగులూ గీతలూ అన్నీ చక్కగా ఉంటాయి, ఎర్రర్ ఏదీ రాదు. అంకెలు మాత్రం వారం పాతవి. అనలిస్టు తన కంప్యూటర్లో తెరిచి చూస్తే సరిగ్గానే ఉంటుంది, ‘నా దగ్గర బాగానే ఉందే’ అంటుంది. ఐదున్నర దాటాక రిఫ్రెష్ పెడితే రెండు గడియారాల్లోనూ సోమవారమే, గొడవ ఉండదు. ఆరు గంటలు పెట్టడానికి కారణం అదే. దీన్ని పూర్తిగా వదిలించుకోవాలంటే తేదీని ఇలా తీసుకోవాలి:

```
Today_IST = CONVERT ( INT ( UTCNOW () + TIME ( 5, 30, 0 ) ), DATETIME )
```

రిపోర్టు తలభాగంలో ‘డేటా ఫలానా తేదీ వరకు’ అని ఒక్క వరుస పెడితే ఇలాంటి తప్పు యజమానే పట్టేస్తాడు. ఈ చిన్న పని చేయనివాళ్లే ఎక్కువ, ఎందుకో నాకర్థం కాదు.

చివరి చిక్కు మనిషి వెళ్లిపోయాక మొదలవుతుంది. షెడ్యూల్ నడిచేది అనలిస్టు లాగిన్ మీద. ఉద్యోగం మానేసిన మర్నాడు ఐటీ వాళ్లు ఆ లాగిన్ మూసేస్తారు, మూయాలి కూడా. దాంతో రిఫ్రెష్ విఫలమవుతుంది. ఫెయిలైందని వచ్చే మెయిల్ మామూలుగా ఆ డేటా ఎవరి పేరుమీద ఉందో వాళ్లకే వెళ్తుంది, అంటే మూసేసిన ఆ మెయిల్‌బాక్స్‌కే. వరుసగా నాలుగుసార్లు విఫలమైతే పవర్ బీఐ షెడ్యూల్‌నే ఆపేస్తుంది. వారానికొకసారి నడిచే రిపోర్టుకి నాలుగుసార్లంటే దాదాపు నెల. ఆ నెలంతా రిపోర్టు పాత అంకెలతో తెరుచుకుంటూనే ఉంటుంది. అదే సమయంలో యార్డు వేసవి సెలవుల్లో ఉంటే ధర కదలకపోవడం ఎవరికీ వింతగా తోచదు.

అందుకే లాగిన్ మూసేలోపు మూడు పనులు కావాలి. కొత్త వ్యక్తి డేటా సెట్టింగుల్లోకి వెళ్లి `Take over` నొక్కి, ట్యాలీ, ఎక్సెల్ రెండింటికీ లాగిన్ వివరాలు మళ్లీ ఇవ్వాలి. ఆఫీసు కంప్యూటర్లోని డేటాను సర్వర్‌కి అందించే గేట్‌వేకి తన పేరు అడ్మిన్‌గా చేర్పించుకోవాలి. ఆ కంప్యూటర్ ఆదివారం రాత్రి ఎవరూ ఆపకుండా చూసుకోవాలి. కరెంటు బిల్లు మీద పట్టున్న వాచ్‌మన్ ఉంటే ఆయనకి చెప్పి, కంప్యూటర్ మీద కాగితం కూడా అంటించాలి. ఆ తర్వాత వచ్చే సోమవారం పాత అనలిస్టు ఇంకా ఆఫీసులో ఉండగానే రిఫ్రెష్ కొత్త లాగిన్ మీద నడవాలి. ఆమె పక్కన కూర్చోవచ్చు, కానీ కీబోర్డు ముట్టుకోకూడదు. కొత్త మనిషి ఎక్కడ ఆగి ‘ఇదేంటి?’ అని అడిగితే, ఆ జవాబును అప్పటికప్పుడే నోట్‌లో ఎక్కించాలి.