ఐదర్ - ఆర్, నైదర్ - నార్: క్రియ ఎవరి మాట వింటుంది?

గత ఏడాది స్టడీ అవర్‌లో మేము ఒక తప్పు చేశాం. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఇంగ్లీషు హోంవర్కు తెచ్చి చూపించాడు. హాస్టల్ టిఫిన్ మీద సొంతంగా వాక్యాలు రాసుకొచ్చాడు. వాటిలో ఒకటి ఇది:

నైదర్ ద బనానాస్ నార్ ది ఎగ్ వాజ్ సర్వ్‌డ్.

అరటిపళ్ళూ పెట్టలేదు, గుడ్డూ పెట్టలేదు అని దాని అర్థం. మేము 'వాజ్' కింద ఎర్రగీత గీసి, పైన 'వర్' అని దిద్దాం. "బనానాస్ బహువచనం కదరా, ఒక్కటి బహువచనమైనా క్రియ బహువచనమే" అని పెద్దరికంగా చెప్పాం కూడా. క్వార్టర్లీ పరీక్షలో సరిగ్గా అలాంటి బిట్టే వచ్చింది. వాడు మా మాట నమ్మి 'వర్' రాశాడు. మార్కు పోయింది. దిద్దిన పేపరు తెచ్చి మా ముందు పెట్టి, "అన్నా, మొదట నేను రాసిందే కరెక్టంట" అన్నాడు.

పోయిన మార్కు మేము తిరిగి ఇవ్వలేం. అందుకని ఆ బిట్టు సంగతేమిటో పుస్తకాలు ముందేసుకుని కూర్చుని తేల్చుకున్నాం. తేలినదాన్ని ఇక్కడ రాస్తున్నాం. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాం. వీటిని పైకి చదివి చెవితో పరీక్షించాలి, కంటితో చూసి వదిలేస్తే లాభం లేదు.

మన చెవి ఎందుకు హెచ్చరించదు?

తెలుగులో ఈ చిక్కు దాదాపు రాదు. 'నేను రాలేదు', 'నువ్వు రాలేదు', 'వాడు రాలేదు', 'వాళ్ళు రాలేదు' అంటాం. కర్త ఎవరైనా, ఎందరైనా 'రాలేదు' మారదు. అందుకే 'గుడ్డు గానీ అరటిపళ్ళు గానీ పెట్టలేదు' అనేటప్పుడు క్రియ దేన్ని అనుసరించాలన్న ప్రశ్నే మనకు పుట్టదు. 'నువ్వైనా నేనైనా వెళ్ళాలి' అన్నప్పుడూ అంతే, 'వెళ్ళాలి' అందరికీ సరిపోతుంది. పుట్టిన దగ్గర నుంచీ ఇలా మాట్లాడుతున్న మనకు ఇంగ్లీషులో ఈ చోట తప్పు పడితే చెవికి తేడా తెలియదు. కాబట్టి ఒక పరీక్ష పెట్టుకుని చూసుకోవాల్సిందే.

అసలు సూత్రం

రెండు కర్తలను 'అండ్' కలిపితే అవి కూడిక అవుతాయి. ఒకటీ ఒకటీ రెండు, కాబట్టి క్రియ బహువచనం. 'ఆర్', 'నార్' కూడిక చేయవు. ఇదో అదో అంటాయి, లేదా ఇదీ కాదు అదీ కాదు అంటాయి. రెండింటినీ కలిపి లెక్క కట్టే వీలు లేదు గనుక క్రియ తనకు దగ్గరగా ఉన్న కర్తను చూసుకుంటుంది. ఆ కర్త ఏకవచనమైతే క్రియ ఏకవచనం, బహువచనమైతే బహువచనం.

పరీక్ష ఇలా చేయాలి. 'ఐదర్' దగ్గర మొదలుపెట్టి 'ఆర్' వరకు, లేదా 'నైదర్' నుంచి 'నార్' వరకు ఉన్న భాగాన్ని చేత్తో మూసేయాలి. మిగిలిన ముక్కను పైకి చదవాలి. తమ్ముడి వాక్యంలో 'నైదర్ ద బనానాస్ నార్' మూసేస్తే మిగిలేది ఇది:

ది ఎగ్ వాజ్ సర్వ్‌డ్.

ఇక్కడ 'వర్' పెట్టి చదివితే 'ది ఎగ్ వర్' అవుతుంది. అది తప్పని ఆరో తరగతి పిల్లవాడికి కూడా వినబడుతుంది. మూసినప్పుడు 'పెట్టలేదు' అన్న అర్థం పోయి 'పెట్టారు' అని వస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మనం చూస్తున్నది క్రియ రూపం ఒక్కటే.

ఇప్పుడు అదే వాక్యాన్ని తిరగేద్దాం.

నైదర్ ది ఎగ్ నార్ ద బనానాస్ వర్ సర్వ్‌డ్.

మూసి చూస్తే 'ద బనానాస్ వర్ సర్వ్‌డ్' మిగులుతుంది. ఈసారి 'వర్' సరైనది. వస్తువులు అవే, విషయం అదే. చోటు మారింది కాబట్టి క్రియ మారింది.

రెండు కర్తలూ ఏకవచనాలే అయితే క్రియ కూడా ఏకవచనమే. 'నైదర్ ద కుక్ నార్ ద వాచ్‌మన్ వాజ్ దేర్' అనాలి. ఇద్దరి పేర్లు చెప్పాం కదా అని 'వర్' రాయాలనిపిస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా మాటల్లో అలా అనేస్తుంటారు. పరీక్ష పేపరులో మాత్రం 'వాజ్' రాయాలి.

మేము ఎక్కడ జారాం?

మేము చెప్పింది పూర్తిగా ఊహించింది కాదు, సగం గుర్తున్న సూత్రం. మన లైబ్రరీ బీరువాలో ఉన్న రెన్ అండ్ మార్టిన్ గ్రామరు తీసి చూస్తే సంగతి తెలిసింది. కర్తల్లో ఒకటి బహువచనమైతే క్రియ బహువచనంలో ఉండాలని ఆ పుస్తకం చెబుతుంది. కానీ అదే వాక్యంలో ఇంకో షరతు ఉంది: ఆ బహువచన కర్తను క్రియకు దగ్గరగా పెట్టాలి. మేము మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం. రెండూ కలిపి చదివితే అది దగ్గరి కర్త సూత్రానికి విరుద్ధం కాదు. వాక్యాన్ని ఎలా అమర్చుకోవాలో చెబుతోందంతే.

దీనివల్ల మనకు రెండు దారులు దొరికాయి. బిట్టు పేపరులో వాక్యం వాళ్ళే ఇస్తారు, కర్తల చోటు మార్చే హక్కు మనకు లేదు. అక్కడ మూసి చూసి క్రియను దిద్దాలి. మనం సొంతంగా రాసేటప్పుడు మాత్రం బహువచనాన్ని రెండోచోట పెట్టుకోవడం మంచిది. మోటారూ కుళాయిలూ పనిచేయడం లేదని అర్జీ రాయాలంటే 'నైదర్ ద మోటార్ నార్ ద ట్యాప్స్ ఆర్ వర్కింగ్' అని రాస్తే వ్యాకరణమూ సరిపోతుంది, చెవికీ బాగుంటుంది. 'నైదర్ ద ట్యాప్స్ నార్ ద మోటార్ ఈజ్ వర్కింగ్' అన్నదీ తప్పు కాదు గానీ, చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు.

నేను, నువ్వు వచ్చినప్పుడు

వచనానికే కాదు, పురుషకూ ఇదే లెక్క. 'ఐదర్ యూ ఆర్ ఐ యామ్ రాంగ్' అనాలి. మూస్తే 'ఐ యామ్ రాంగ్'. 'నైదర్ హీ నార్ యూ ఆర్ లేట్' అనాలి. మూస్తే 'యూ ఆర్ లేట్'. వినడానికి కొంచెం ఎబ్బెట్టుగా ఉందనిపిస్తే రూపం మారని క్రియ వేసుకోవచ్చు. 'ఐదర్ యూ ఆర్ ఐ మస్ట్ గో' అంటే గొడవే లేదు.

అసలు ఈ గొడవ ఎక్కడెక్కడ వస్తుందో లెక్కపెడితే భయం తగ్గుతుంది. ఈజ్-యామ్-ఆర్, వాజ్-వర్, హ్యాజ్-హ్యావ్, డజ్-డూ, ఇక వర్తమానంలో చివర 'ఎస్' చేరే మామూలు క్రియలు. ఇంతే. 'విల్', 'కెన్', 'మస్ట్', 'డిడ్', 'కేమ్', 'వెంట్' వంటివి ఏ కర్త వచ్చినా మారవు.

జాగ్రత్త పడాల్సిన మూడు చోట్లు

మొదటిది. క్రియకు దగ్గరి కర్త వేరు, క్రియకు ఆనుకుని ఉన్న మాట వేరు.

నైదర్ ద బాయ్స్ నార్ ద లీడర్ ఆఫ్ ద రూమ్స్ హ్యాజ్ ద కీ.

క్రియ పక్కనే 'రూమ్స్' ఉందని 'హ్యావ్' రాయకూడదు. తాళంచెవి ఉండాల్సింది గదుల దగ్గర కాదు, లీడరు దగ్గర. కాబట్టి కర్త 'లీడర్'. 'ఆఫ్ ద రూమ్స్' ఆ లీడరు ఎవరో చెప్పే ముక్క మాత్రమే. అందుకని చేత్తో మూసేటప్పుడు 'ఆఫ్'తో మొదలయ్యే ముక్కను కూడా మూసేయాలి. అప్పుడు 'ద లీడర్ హ్యాజ్ ద కీ' మిగులుతుంది.

రెండోది ప్రశ్న. ప్రశ్నలో మారే క్రియ ముందుకు వస్తుంది, కాబట్టి దానికి దగ్గరయ్యేది మొదటి కర్త.

డజ్ ఐదర్ ద వాచ్‌మన్ ఆర్ ద బాయ్స్ హ్యావ్ ద కీ?

ఇక్కడ 'ఐదర్' అనే మాటనూ, 'ఆర్ ద బాయ్స్' అనే ముక్కనూ మూయాలి. 'డజ్ ద వాచ్‌మన్ హ్యావ్ ద కీ?' మిగులుతుంది. 'డజ్' తరవాత ఎప్పుడూ 'హ్యావ్' ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. మారేది 'డజ్' ఒక్కటే.

మూడోది 'నైదర్ ఆఫ్'. 'నైదర్ ఆఫ్ ద బాయ్స్ హ్యాజ్ కమ్' అన్నప్పుడు 'నార్' లేదు, రెండు కర్తలూ లేవు. 'ఇద్దరిలో ఏ ఒక్కడూ' అన్న అర్థంలో 'నైదర్' తానే కర్త. పరీక్షల్లో దీన్ని ఏకవచనంగానే రాయాలి. దీనికి దగ్గరి కర్త సూత్రం వేసి 'బాయ్స్' చూసి 'హ్యావ్' రాసినవాళ్ళు మాలోనే ఇద్దరున్నారు.

మీరే మూసి చూడండి

1. ఐదర్ ద లీడర్ ఆర్ ద బాయ్స్ ---- ద కీ. హ్యాజా, హ్యావా?
2. నైదర్ ద ప్లేట్స్ నార్ ద గ్లాస్ ---- క్లీన్. ఈజా, ఆరా?
3. నైదర్ మై బ్రదర్ నార్ ఐ ---- రెడీ. ఈజా, యామా?
4. ఐదర్ ద బెడ్‌షీట్స్ ఆర్ ద బాక్స్ ఆఫ్ బుక్స్ ---- మిస్సింగ్. ఈజా, ఆరా?
5. నైదర్ ఆఫ్ ద టూ బల్బ్స్ ---- వర్కింగ్. ఈజా, ఆరా?
6. నైదర్ ద కుక్ నార్ ద హెల్పర్స్ కేమ్ యెస్టర్డే. ఇందులో తప్పుందా?

జవాబులు: ఒకటిలో దగ్గరున్నది 'బాయ్స్', కాబట్టి హ్యావ్. రెండులో 'గ్లాస్', కాబట్టి ఈజ్. మూడులో 'ఐ', కాబట్టి యామ్. నాలుగులో కర్త 'బాక్స్', 'బుక్స్' కాదు, కాబట్టి ఈజ్. ఐదులో 'నైదర్' ఒక్కటే కర్త, కాబట్టి ఈజ్. ఆరులో తప్పు లేదు, 'కేమ్' ఎవరికైనా ఒకటే.

ఈ ఆరు వాక్యాలూ మొదట మా తమ్ముడి చేతే చేయించాం. ఆరూ సరిగ్గా చేశాడు. నాలుగో దాంట్లో మాలో ఒకడు 'ఆర్' అన్నాడు. వాడి చేతిని తమ్ముడే పట్టుకుని 'ఆఫ్ బుక్స్' మీద పెట్టి మూయించాడు. ఇప్పుడు స్టడీ అవర్‌లో ఎవరి నోటుపుస్తకంలోనైనా ఎర్రగీత పెట్టే ముందు మేమూ అలాగే ఒకసారి మూసి చదువుతున్నాం.